ఆయిలర్, ఇంప్రూవ్డ్ ఆయిలర్ అడుగులు చేత్తో లెక్కించి ఖచ్చిత సాధనతో పోల్చడం ఎలా?

"సార్, ఫార్ములా తెలుసు. కానీ రెండో అడుగు నుంచి లెక్క తేడా వస్తోంది, ఎందుకు?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. వాళ్ల కాగితం చూస్తే ఫార్ములా సరిగానే రాసి ఉంటుంది. తప్పు జరిగేది ఏ సంఖ్య ఎక్కడ పెట్టాలన్న దగ్గర. అందుకని ఒకే సమస్య తీసుకుని, ఒక్క గీత కూడా వదలకుండా చేసి చూపిస్తాను. పెన్ను పట్టుకుని నాతో పాటు మీరూ చేయండి.

మన సమస్య ఇది:

```
y' = x − 2y,   y(0) = 1
h = 0.1,   y(0.4) = ?
```

కావాలనే ఈ సమీకరణం ఎంచుకున్నాను. దీని ఖచ్చిత సాధన చేత్తోనే దొరుకుతుంది, కాబట్టి మన అంచనా ఎంత తప్పిందో ప్రతి అడుగులోనూ కొలవచ్చు. పైగా ఇందులో లెక్కను సరిచూసుకునే మంచి దారి ఒకటి ఉంది. దాని గురించి తరువాత చెబుతాను.

కావలసినవి

ఒక తెల్లకాగితం, e^x మీట ఉన్న కాలిక్యులేటర్ చాలు. కాలిక్యులేటర్ ఖచ్చిత సాధన కోసమే. ఆయిలర్ అడుగులకు కూడికలు, గుణకారాలే కాబట్టి చాలావరకు నోటితోనే అయిపోతాయి. కాగితాన్ని అడ్డంగా తిప్పి, మొదలుపెట్టే ముందే నిలువు గడులు గీసుకోండి. ఈ పని బద్ధకించిన వాళ్లే ఎక్కువగా తప్పులు చేస్తారు.

దశాంశ స్థానాల గురించి ముందే ఒక మాట. మధ్యలో వచ్చే సంఖ్యలను 6 దశాంశాల వరకు అలాగే ఉంచండి, చివరి జవాబును మాత్రమే 4 దశాంశాలకు కుదించండి. ఇంప్రూవ్డ్ ఆయిలర్‌లో మొదటి అడుగు దోషం 0.0016 దగ్గర ఉంటుంది. అక్కడ 0.825ను 0.83 అని రాసేస్తే, మీరే 0.005 దోషాన్ని కొత్తగా చేర్చినట్టు. అంటే పద్ధతి చేసే తప్పు కన్నా మీ కుదింపు చేసే తప్పే పెద్దదవుతుంది.

1. ముందుగా ఖచ్చిత సాధన రాసి పక్కన పెట్టండి

సమీకరణాన్ని y' + 2y = x అని రాయండి. సమాకలన గుణకం e^(2x). రెండు వైపులా దానితో గుణించి సమాకలనం చేస్తే:

```
y·e^(2x) = (x/2)·e^(2x) − (1/4)·e^(2x) + C
```

x = 0 దగ్గర y = 1 కాబట్టి C = 5/4. అంటే:

```
y = x/2 − 1/4 + (5/4)·e^(−2x)
```

దీన్ని నమ్మే ముందు రెండు పరీక్షలు చేయండి. x = 0 పెడితే −0.25 + 1.25 = 1 వస్తుంది, ప్రారంభ విలువ సరిపోయింది. అవకలనం చేస్తే y' = 1/2 − (5/2)e^(−2x). x − 2y లెక్కించినా అదే వస్తుంది. ఈ రెండు పరీక్షలకు ఒక నిమిషం కూడా పట్టదు. ఖచ్చిత సాధనే తప్పయితే, తరువాత చేసే పోలిక మొత్తం వృథా.

ఇక కాలిక్యులేటర్‌తో x = 0.1, 0.2, 0.3, 0.4 దగ్గర విలువలు తీయండి. 0.823413, 0.687900, 0.586015, 0.511661 రావాలి. ఘాతం చుట్టూ బ్రాకెట్ మర్చిపోవద్దు. e^−2×0.4 అని కొడితే చాలా కాలిక్యులేటర్లు ముందు e^−2 కట్టి, దాన్ని 0.4తో గుణిస్తాయి. అప్పుడు 0.449329 రావలసిన చోట 0.054 వస్తుంది. e^(−2×0.4) అని బ్రాకెట్లతోనే కొట్టండి.

2. ఆయిలర్ అడుగులు

ఆలోచన ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఇప్పుడున్న బిందువు దగ్గర వాలు ఎంతో చూసి, h దూరం వరకు అదే వాలులో సరళరేఖ మీద నడవడం. ఆయిలర్ 1768లో ప్రచురించిన పద్ధతి ఇదే.

```
కొత్త y = పాత y + h · f(పాత x, పాత y)
```

ఇక్కడ f(x, y) = x − 2y. ఒక్కో అడుగుకు ఒక్కో వరుస రాయండి.

| x | y | వాలు f | h·f | కొత్త y |
|---|---|---|---|---|
| 0 | 1 | −2 | −0.2 | 0.8 |
| 0.1 | 0.8 | −1.5 | −0.15 | 0.65 |
| 0.2 | 0.65 | −1.1 | −0.11 | 0.54 |
| 0.3 | 0.54 | −0.78 | −0.078 | 0.462 |

చివరి గడిలోని 0.462 ఏ x దగ్గరి విలువ? 0.4 దగ్గరిది, 0.3 దగ్గరిది కాదు. ప్రతి వరుసలో x, y పాతవి. చివరి గడి తరువాతి x కు చెందినది. ఇది గమనించక 0.462ను ఖచ్చిత సాధనలోని 0.586015తో పోల్చి, దోషం 0.124 అని కంగారుపడేవాళ్లు ఉంటారు. 0 నుంచి 0.4 వరకు h = 0.1తో నాలుగే అడుగులు. బిందువులు ఐదు, అడుగులు నాలుగు.

ఇప్పుడు దోషం చూద్దాం. 0.511661 − 0.462 = 0.049661. అంటే ఆయిలర్ జవాబు దాదాపు 0.05 తక్కువగా వచ్చింది.

తక్కువగానే ఎందుకు వచ్చిందో కూడా ముందే తెలుసుకోవచ్చు. సమీకరణాన్ని మరోసారి అవకలనం చేస్తే y'' = 1 − 2y'. x = 0 దగ్గర y' = −2 కాబట్టి y'' = 5, ధనాత్మకం. వక్రం పైకి వంగుతోంది, స్పర్శరేఖ దాని కింద ఉంటుంది. ఆ స్పర్శరేఖ మీద నడిచే ఆయిలర్ కూడా వక్రం కిందికే చేరుతుంది. మొదటి అడుగు దోషం సుమారుగా (h²/2)·y'' = 0.005 × 5 = 0.025. నిజంగా వచ్చిన దోషం 0.023413. పరిమాణం కలిసింది, దిశ కూడా కలిసింది. మీ లెక్కలో ఆయిలర్ విలువ ఖచ్చిత విలువ కన్నా పైన వచ్చిందంటే, ఎక్కడో గుర్తు తప్పిందని ఇక్కడే అర్థమైపోతుంది.

3. ఇంప్రూవ్డ్ ఆయిలర్ అడుగులు

ఆయిలర్ అడుగు మొదట్లో ఉన్న వాలును చివరి వరకు వాడుతుంది. మధ్యలో వాలు మారినా పట్టించుకోదు. ఇంప్రూవ్డ్ ఆయిలర్ మాత్రం ముందు ఒక మామూలు ఆయిలర్ అడుగు వేసి, అక్కడి వాలు కూడా చూసుకుని, వెనక్కి వచ్చి, రెండు వాలుల సగటుతో అసలు అడుగు వేస్తుంది. దీన్నే హ్యూన్ పద్ధతి అని కూడా అంటారు.

```
k1 = f(x, y)
p  = y + h·k1
k2 = f(x + h, p)
కొత్త y = y + (h/2)·(k1 + k2)
```

ఇక్కడ p అంటే తాత్కాలిక అంచనా. అది k2 లెక్కించడానికి మాత్రమే. k2 రాగానే p పని అయిపోయింది. నా విద్యార్థులకు k2 రాయగానే p మీద ఒక అడ్డగీత కొట్టమని చెబుతాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదటి అడుగు నిదానంగా చేద్దాం. x = 0, y = 1.

k1 = 0 − 2(1) = −2.

p = 1 + 0.1(−2) = 0.8. ఇది మామూలు ఆయిలర్ జవాబే.

k2 = 0.1 − 2(0.8) = −1.5. ఇందులో x = 0.1, అంటే కొత్త x. పాత 0 కాదు.

కొత్త y = 1 + 0.05(−2 − 1.5) = 1 − 0.175 = 0.825.

0.8 మీద గీత కొట్టేయండి. రెండో అడుగు 0.825 నుంచే మొదలవుతుంది.

x = 0.1, y = 0.825. k1 = 0.1 − 1.65 = −1.55. p = 0.825 − 0.155 = 0.67. k2 = 0.2 − 1.34 = −1.14. కొత్త y = 0.825 + 0.05(−2.69) = 0.6905.

మిగతా రెండు అడుగులు మీరు చేసి, ఈ పట్టికతో సరిచూసుకోండి.

| x | y | k1 | p | k2 | కొత్త y |
|---|---|---|---|---|---|
| 0 | 1 | −2 | 0.8 | −1.5 | 0.825 |
| 0.1 | 0.825 | −1.55 | 0.67 | −1.14 | 0.6905 |
| 0.2 | 0.6905 | −1.181 | 0.5724 | −0.8448 | 0.58921 |
| 0.3 | 0.58921 | −0.87842 | 0.501368 | −0.602736 | 0.515152 |

దోషం: 0.515152 − 0.511661 = 0.003491. ఆయిలర్ దోషంలో ఇది సుమారు పద్నాలుగో వంతు. ఈసారి విలువ ఖచ్చిత సాధన కన్నా కొంచెం పైన వచ్చింది, ఈ సమస్యకు అదే సరైనది.

అయితే ఇంప్రూవ్డ్ ఆయిలర్ ఒక్కో అడుగుకు f ను రెండుసార్లు లెక్కిస్తుంది కదా, ఆ మేరకు పని పెరిగింది. సమానమైన పనితో పోల్చితేనే న్యాయం. అందుకని ఇంప్రూవ్డ్ ఆయిలర్‌ను h = 0.2తో రెండే అడుగులు వేయించండి. అప్పుడు రెండింటికీ f నాలుగుసార్లే లెక్కించినట్టు. మొదటి అడుగులో 0.7, రెండో అడుగులో 0.528 వస్తాయి. దోషం 0.016339. అంతే పనికి ఆయిలర్ దోషం 0.049661. అడుగు రెండింతలు పెద్దదైనా ఇంప్రూవ్డ్ ఆయిలరే మూడు రెట్లు దగ్గరగా ఉంది.

4. ఎక్కడ తప్పులు జరుగుతాయి

కొన్ని తప్పులు వెంటనే కనబడతాయి. సగటులో 2తో భాగించడం మర్చిపోతే మొదటి అడుగులోనే 1 + 0.1(−3.5) = 0.65 వస్తుంది. ఆయిలర్ 0.8 ఇచ్చిన చోట 0.65 రావడం చూడగానే అనుమానం వస్తుంది. అసలు టెన్షన్ పెట్టేవి కనబడని తప్పులు.

k2లో పాత x పెట్టడం అలాంటిదే. నేను చూసిన ఒక కాగితంలో k2 = 0 − 2(0.8) = −1.6 అని ఉంది. దాంతో కొత్త y = 1 + 0.05(−3.6) = 0.82. ఖచ్చిత విలువ 0.8234, కాబట్టి ఆ విద్యార్థికి అంతా బాగానే ఉన్నట్టు అనిపించింది. నిజానికి సరైన అడుగు దోషం 0.0016 అయితే, ఇక్కడ 0.0034. పైగా దోషం పడవలసిన వైపు మారిపోయింది: సరైన లెక్కలో విలువ పైన ఉండాలి, ఇక్కడ కింద ఉంది. విలువ దగ్గరగా రావడం ఒక్కటే చూస్తే ఈ తప్పు దొరకదు.

రెండోది, రెండో అడుగును p నుంచి మొదలుపెట్టడం. 0.825 బదులు 0.8 తీసుకుంటే k1 = −1.5, p = 0.65, k2 = −1.1, కొత్త y = 0.67. రావలసింది 0.6905. p మీద గీత కొట్టమన్నది ఇందుకే. "రెండో అడుగు నుంచి తేడా వస్తోంది" అని అడిగిన వాళ్లలో ఎక్కువమంది కాగితాల్లో నాకు దొరికిన తప్పు ఇదే.

మూడోది రుణ గుర్తు. f లోనే −2y ఉంది, k1 కూడా రుణ సంఖ్యే. రెండు రుణాలు కలిసే చోట ఒకటి జారిపోతుంది. y తగ్గుతూ రావాలని మనకు ముందే తెలుసు కాబట్టి, ఏ వరుసలోనైనా కొత్త y పాత y కన్నా పెద్దదైతే ఆగి వెనక్కి చూడండి. ఈ నియమం 0.4 వరకే. వాలు సున్నా అయ్యేది e^(−2x) = 0.2 దగ్గర, అంటే x సుమారు 0.8 దగ్గర. అక్కడి నుంచి y నిజంగానే పెరుగుతుంది.

5. పేర్ల గందరగోళం

మీ సిలబస్‌లో "మోడిఫైడ్ ఆయిలర్" అని ఉంటే, పద్ధతి సరిగ్గా ఏమిటో ముందే చూసుకోండి. కొన్ని చోట్ల ఆ పేరుతో పైన చేసినదే చెబుతారు. కొన్ని చోట్ల k2 భాగాన్ని విలువ స్థిరపడేవరకు మళ్లీ మళ్లీ చేయమంటారు. అంటే 0.825 వచ్చాక, దాన్ని k2లో పెట్టి మళ్లీ సగటు తీయాలి. k2 = 0.1 − 1.65 = −1.55, కొత్త y = 1 + 0.05(−3.55) = 0.8225. ఇంకోసారి చేస్తే 0.82275, మరోసారి చేస్తే 0.822725. నాలుగు దశాంశాలకు 0.8227 దగ్గర ఆగుతుంది. ప్రశ్న ఈ పద్ధతి అడిగితే, ఆ నిలకడ విలువతోనే రెండో అడుగుకు వెళ్లాలి.

ఇంకొన్ని చోట్ల అదే పేరుతో అడుగు మధ్యలో, అంటే x + h/2 దగ్గర వాలు తీసుకునే పద్ధతిని చెబుతారు. మన సమస్యలో f సరళం కాబట్టి దానితోనూ 0.825 వస్తుంది, తేడా తెలియదు. f లో y² లాంటిది ఉంటే జవాబులు వేరవుతాయి. అందుకే ఒక ఉదాహరణలో జవాబు కలిసిందని పద్ధతి కూడా అదేనని అనుకోవద్దు.

6. ఫలితాన్ని సరిచూసుకోవడం

మొదట్లో చెప్పిన దారి ఇదిగో. ఖచ్చిత సాధనలో x/2 − 1/4 అనే సరళరేఖ ఉంది. మీ పట్టికలోని ప్రతి y నుంచి ఆ రేఖ విలువను తీసేయండి. ఆయిలర్‌కు వరుసగా 1.25, 1, 0.8, 0.64, 0.512 వస్తాయి. ప్రతిసారీ 0.8తో గుణించినట్టే. ఇంప్రూవ్డ్ ఆయిలర్‌కు 1.25, 1.025, 0.8405... వస్తాయి, ప్రతిసారీ 0.82. కారణం సులువు: రెండు పద్ధతులూ సరళరేఖ భాగాన్ని తప్పు లేకుండా లెక్కిస్తాయి. మిగిలిన భాగాన్ని ఆయిలర్ 1 − 2h తో, ఇంప్రూవ్డ్ ఆయిలర్ 1 − 2h + 2h² తో గుణిస్తుంది. అసలు గుణించవలసింది e^(−0.2) = 0.818731తో. 0.82 దానికి ఎంత దగ్గరో చూడండి. ఏ వరుసలో ఈ నిష్పత్తి చెదిరిందో, తప్పు ఆ వరుసలోనే ఉంది.

ఈ దారి ఇలాంటి సరళ సమీకరణాలకే పనికొస్తుంది. ఏ సమస్యకైనా పనికొచ్చే పరీక్ష h ను సగం చేయడం. మన సమస్యలో ఆయిలర్ h = 0.2తో 0.4 ఇస్తుంది, దోషం 0.111661. h = 0.1తో దోషం 0.049661. నిష్పత్తి సుమారు 2.25. ఇంప్రూవ్డ్ ఆయిలర్‌లో 0.016339, 0.003491, నిష్పత్తి సుమారు 4.7. h చిన్నదవుతున్న కొద్దీ మొదటిది 2కు, రెండోది 4కు దగ్గరవ్వాలి. ఇంప్రూవ్డ్ ఆయిలర్ చేశామనుకుంటూ నిష్పత్తి 2 దగ్గరే వస్తుంటే, k2 లెక్కలో పొరపాటు ఉండే అవకాశం ఎక్కువ. పాత x పెట్టిన ఆ కనబడని తప్పు కూడా ఈ పరీక్షలో దొరికిపోతుంది.

ఖచ్చిత సాధన దొరకని సమస్యల్లోనూ ఇదే ఆధారం. ఇంప్రూవ్డ్ ఆయిలర్‌తో h = 0.2కు 0.528, h = 0.1కు 0.515152 వచ్చాయి. వాటి తేడా 0.012848ను 3తో భాగిస్తే 0.0043. రెండో జవాబులో ఎంత దోషం ఉండొచ్చో ఇది సుమారుగా చెబుతుంది. నిజమైన దోషం 0.0035. ఆయిలర్‌కైతే 3తో భాగించనక్కర్లేదు, తేడానే అంచనాగా తీసుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక: ఈ పరీక్ష h తగినంత చిన్నదైతేనే పనిచేస్తుంది. మన సమీకరణానికే h = 1.2 పెట్టి చూడండి. ఆయిలర్ మొదటి అడుగులో 1 − 2.4 = −1.4 వస్తుంది. ఖచ్చిత విలువ 0.4634. గుణకం 1 − 2h = −1.4 అయింది కాబట్టి ప్రతి అడుగులో గుర్తు మారుతూ, రేఖ నుంచి దూరం పెరుగుతూ పోతుంది. ఇంప్రూవ్డ్ ఆయిలర్ గుణకం 1.48, దాని దూరమూ పెరుగుతూనే పోతుంది. ఈ సమీకరణానికి రెండు పద్ధతులకూ హద్దు h = 1. పట్టికలో విలువలు ఊగిసలాడుతూ పెద్దవవుతుంటే, కూడికలు మళ్లీ వెతికే ముందు h ను తగ్గించి చూడండి.

చేయి తిరగడానికి ఇదే సమస్యను h = 0.05తో, ఎనిమిది అడుగుల్లో చేయండి. y(0.4) దగ్గర ఆయిలర్‌కు 0.4881, ఇంప్రూవ్డ్ ఆయిలర్‌కు 0.5125 రావాలి. h = 0.1 దోషాలతో పోల్చితే నిష్పత్తులు సుమారు 2.1, 4.3 ఉంటాయి.